రెండు రోజుల చట్టం, నలభై ఐదు రోజుల ఆనవాయితీ

రాజీనామా చేసి వెళ్ళిన ఉద్యోగికి రావలసిన జీతం రెండు పని దినాల్లో చెల్లించాలి. ఇది ఇప్పుడు దేశంలో అమల్లో ఉన్న చట్టం. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులోని 17వ సెక్షన్ ఈ గడువు పెట్టింది. అయినా మాదాపూర్‌లోనైనా, విశాఖలోనైనా రాజీనామా ఇచ్చినవారికి హెచ్‌ఆర్ నుంచి తరచుగా వచ్చే జవాబు మాత్రం పాతదే: "మీ ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ నలభై ఐదు రోజుల్లో ప్రాసెస్ అవుతుంది." ఆ నలభై ఐదు అరవై అవుతుంది, అరవై తొంభై అవుతుంది. ఈలోగా మనిషి కొత్త ఉద్యోగంలో కుదురుకుంటాడు, పాత బాకీ మీద పట్టు సడలుతుంది. చివరికి ఎంతో కొంత చేతిలో పెట్టి సంతకం అడిగితే, పెట్టేస్తాడు.

ప్రమాదం ఆ సంతకంలో ఉంది. ఆలస్యం దానికి దారి వేస్తుంది. జీతం ఆగినన్నాళ్ళూ ఉద్యోగి అర్థించే స్థితిలో ఉంటాడు, అర్థించేవాడు లెక్క అడగడు. అందుకే ఈ జాప్యాన్ని ఆఫీసు బద్ధకంగా తీసిపారేయడానికి లేదు. చాలా చోట్ల దానివల్ల కంపెనీకి కలిగే లాభం రోజుల్లో కాదు, కోతల్లో ఉంటుంది.

ముందు చట్టం ఏం మార్చిందో చూడాలి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ రెండో పని దినం గడువు ఉండేది. కాని అది యజమాని తీసేసినవారికి మాత్రమే. తనంతట తాను రాజీనామా చేసినవారి ప్రస్తావన అందులో లేదు. పైగా నెల జీతం రూ.24,000 దాటినవారికి ఆ చట్టమే వర్తించేది కాదు. కంపెనీలు నలభై ఐదు రోజుల ఆనవాయితీని ఈ ఖాళీలోనే పెంచుకున్నాయి. కొత్త కోడ్ రెండు తలుపులూ మూసింది. తొలగించినా, రిట్రెంచ్ చేసినా, రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా గడువు ఒక్కటే. జీతం పరిమితి తీసేశారు. మేనేజర్లు, సూపర్‌వైజర్లు కూడా ఉద్యోగి అన్న నిర్వచనంలోకి వస్తారు. వేరే గడువు నిర్ణయించే అధికారాన్ని కోడ్ ప్రభుత్వానికి ఇచ్చింది గాని కంపెనీ పాలసీకి ఇవ్వలేదు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో "నలభై ఐదు రోజులు" అని అచ్చు వేసినంత మాత్రాన చట్టం గడువు జరగదు.

ఇక్కడ ఒక సందేహం సహజం. రెండు పని దినాలు ఎప్పటి నుంచి లెక్క? రాజీనామా మెయిల్ పంపిన రోజు నుంచి కాదు, రాజీనామా అమల్లోకి వచ్చిన రోజు నుంచి, అంటే లాస్ట్ వర్కింగ్ డే నుంచి లెక్కించడం సబబు. నోటీసు కాలంలో ఉద్యోగం కొనసాగుతూనే ఉంటుంది కాబట్టి ఆ నెలల జీతం మామూలు తేదీకే రావాలి. రాజీనామా పెట్టగానే "ఈ నెల జీతం హోల్డ్‌లో పెట్టాం, ఎఫ్ఎన్ఎఫ్‌లో కలిపి ఇస్తాం" అనే అలవాటుకు కోడ్‌లో ఆధారం లేదు. నెల జీతం తరువాతి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతోంది.

లెక్క ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు మేం కల్పించుకున్నవి, కోతల తీరు మాత్రం ఉద్యోగులకు తెలిసినదే. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని 2020 నవంబరు 2న చేరింది. నెల జీతం రూ.60,000. అందులో బేసిక్ 36,000, ఇంటి అద్దె భత్యం 18,000, కన్వేయన్స్ 6,000. ఒప్పందం ప్రకారం నోటీసు 60 రోజులు. ఆమె 2025 డిసెంబరు 16న రాజీనామా ఇచ్చింది, 2026 జనవరి 30 శుక్రవారం చివరి రోజు. నలభై ఐదు రోజులు పనిచేసింది, పదిహేను రోజులు తక్కువ పడింది. ఆ లోటుకు బేసిక్ లెక్కన డబ్బు కట్టవచ్చని ఆమె అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే ఉంది. శని, ఆదివారాలు సెలవైన ఆఫీసు కాబట్టి రెండో పని దినం ఫిబ్రవరి 3 మంగళవారం. ఆ రోజుకు జనవరి జీతం ఆమె ఖాతాలో పడాలి.

పడలేదు. మార్చి నెలాఖరున ఒక స్టేట్‌మెంట్ వచ్చింది. జనవరి జీతం 60,000, మిగిలిన పన్నెండు రోజుల సెలవుకు 14,400, మొత్తం 74,400. దాని కింద కోతలు: నోటీసు లోటుకు పూర్తి జీతం మీద 30,000, దానిపై పద్దెనిమిది శాతం జీఎస్టీ 5,400, ల్యాప్‌టాప్ డ్యామేజీ 22,000. పోగా చేతికి వచ్చేది 17,000. గ్రాట్యుటీ గడి ఖాళీ. అడుగున ఒక వాక్యం: "పై మొత్తంతో నాకు కంపెనీ నుంచి రావలసినవన్నీ పూర్తిగా ముట్టినవి." సంతకం చేసి స్కాన్ పంపితేనే డబ్బూ, రిలీవింగ్ లెటరూ.

ఒక్కొక్క కోతా విప్పి చూద్దాం. నోటీసు లోటు బేసిక్ మీద అని ఒప్పందంలో ఉంది కాబట్టి పదిహేను రోజులకు కోయదగినది 18,000. పూర్తి జీతం మీద లెక్క వేసి 12,000 ఎక్కువ పట్టారు. ఇక జీఎస్టీ. నోటీసు పూర్తిచేయని ఉద్యోగి నుంచి వసూలు చేసే సొమ్ము ఏ సేవకూ ప్రతిఫలం కాదని, దానిపై జీఎస్టీ పడదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న 178వ నంబరు సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. కాబట్టి ఆ 5,400 తీయడానికి వీల్లేదు.

ల్యాప్‌టాప్ సంగతి ఇంకా ముఖ్యం. అప్పగించిన వస్తువు ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల పాడైతే నష్టాన్ని జీతంలోంచి తీసుకోవచ్చని కోడ్ ఒప్పుకుంటుంది. కాని తీసుకునే ముందు ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని, జరిగిన నష్టాన్ని మించి తీయరాదని కూడా అంటుంది. ఐదేళ్ళు వాడిన యంత్రం కీబోర్డు మీద గీత పడిందని చెప్పి, ఫోటో లేకుండా, రిపేరు బిల్లు లేకుండా, ఒక్క మాట అడగకుండా 22,000 తీసేస్తే అది కోడ్ ఒప్పుకున్న కోత కాదు. వీటన్నిటి మీద ఇంకో హద్దు ఉంది: ఒక వేతన కాలంలో మొత్తం కోతలు ఆ జీతంలో సగం దాటరాదు. జనవరి జీతం 60,000 అయితే ఆ హద్దు 30,000. ఇక్కడ కోసింది 57,400.

గ్రాట్యుటీ మాట చివరన ఉన్నా అసలు పెద్ద మొత్తం అదే. ఐదేళ్ళు నిండాయి కాబట్టి ఆమెకు హక్కు ఉంది. చివరి వేతనాన్ని ఇరవై ఆరుతో భాగించి, పదిహేనుతోనూ సర్వీసు సంవత్సరాలతోనూ గుణించాలి. 36,000 మీద ఐదేళ్ళకు రూ.1,03,846 వస్తుంది. ఇది చెల్లించవలసిన గడువు ముప్పై రోజులు, అంటే మార్చి 1. దరఖాస్తు ఇవ్వలేదన్న సాకు చెల్లదు, లెక్క కట్టి ఇచ్చే బాధ్యత యజమానిదే. ఆలస్యమైతే సాధారణ వడ్డీ కలపాలి. నోటీసు తక్కువైందని గ్రాట్యుటీ ఆపే అధికారం కంపెనీకి లేదు. దుష్ప్రవర్తన వంటి కారణాలతో ఉద్యోగం నుంచి తొలగించిన సందర్భాల్లోనే దాన్ని జప్తు చేయడానికి వీలుంది, రాజీనామా అందులోకి రాదు. ఒక అపోహ కూడా ఇక్కడే తీర్చాలి. కొత్త కోడ్‌లతో అందరికీ ఏడాదికే గ్రాట్యుటీ వస్తుందన్న ప్రచారం నిజం కాదు. ఏడాది నియమం నిర్ణీత కాల ఒప్పందం మీద చేరినవారికి, పర్మినెంటు ఉద్యోగులకు ఐదేళ్ళే.

మొత్తం కూడితే, 74,400 లోంచి 18,000 పోగా 56,400, దానికి గ్రాట్యుటీ కలిపితే రూ.1,60,246. పీఎఫ్, ఆదాయపు పన్ను కోతలు పక్కన పెడితే ఆమెకు రావలసింది అది. సంతకం అడిగింది 17,000 మీద.

సంతకం పెట్టేస్తే ఇక అంతేనా? కాదు. కోడ్ కింద రావలసిన సొమ్మును వదులుకుంటున్నట్టు ఉద్యోగి చేత రాయించుకున్న ఒప్పందం చెల్లదని 60వ సెక్షన్ అంటోంది. కాని చెల్లదని నిరూపించుకునే పని మళ్ళీ ఉద్యోగి నెత్తిన పడుతుంది. అధికారి ముందు కంపెనీ మొదట చూపే కాగితం అదే. అందువల్ల పెట్టకపోవడమే మేలు. రిలీవింగ్ లెటర్ కోసం తప్పనిసరైతే పైన "ఇంత మొత్తం మాత్రమే ముట్టింది, ఫలానా కోతలకు అభ్యంతరం ఉంది, గ్రాట్యుటీ రావలసి ఉంది" అని రాసి తేదీతో సంతకం చేయాలి. ఆన్‌లైన్ ఫారంలో రాయడానికి చోటు లేకపోతే అదే రోజు అదే మాట మెయిల్‌లో పంపాలి.

అసలు జాగ్రత్త రాజీనామాకు ముందే మొదలవుతుంది. చివరి రోజు సాయంత్రానికి ఆఫీసు మెయిల్, పేరోల్ పోర్టల్ మూతపడతాయి. సెలవు బ్యాలెన్స్ ఎంతో, నోటీసు షరతు ఏమిటో ఆ తర్వాత చూసుకునే వీలుండదు. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, ఇంక్రిమెంట్ లెటర్లు, సెలవుల పేజీ, రాజీనామా మెయిల్, దానికి వచ్చిన అంగీకారం, ఇవి ముందే సొంత మెయిల్‌కు చేర్చుకోవాలి. తన కాగితాలు మాత్రమే. ప్రాజెక్టు ఫైళ్ళు, క్లయింటు వివరాలు ఒక్కటి బయటికి వెళ్ళినా కంపెనీ చేతికి ఆయుధం దొరికినట్టే. బాకీ గొడవ కాస్తా డేటా చౌర్యం ఆరోపణగా మారుతుంది. ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు, పరిస్థితి రాసిన రసీదు తీసుకోవాలి. కొరియర్‌లో పంపితే ప్యాక్ చేసే ముందు స్క్రీన్ ఆన్ చేసి ఫోటోలు తీయాలి. మేనేజర్ "పర్లేదు, ముప్పయ్యో తేదీన వెళ్ళిపో, నేను హెచ్‌ఆర్‌తో మాట్లాడతా" అని ఫోన్‌లో అంటే సంతోషమే, కాని ఆ మాట మెయిల్‌లోకి రాకపోతే పోర్టల్‌లో అది నోటీసు లోటుగానే కనిపిస్తుంది. కంపెనీయే ముందుగా వదిలితే కోతకు ఆస్కారం ఉండదు. ఆ తేడా చూపేది ఒక్క లైను మెయిలే.

గడువు దాటిన మర్నాడే మొదటి ఉత్తరం వెళ్ళాలి. మన ఉదాహరణలో అది ఫిబ్రవరి 4. కోపం, బెదిరింపు అక్కర్లేదు. చేరిన తేదీ, చివరి పని దినం, రావలసిన పద్దులు విడివిడిగా, వేతనాల కోడ్ 17వ సెక్షన్ గడువు ఫలానా రోజున ముగిసిందన్న మాట, ఏడు రోజుల్లో చెల్లించి లెక్క పంపమన్న అభ్యర్థన. అంతే. హెచ్‌ఆర్‌తో పాటు ఫైనాన్సుకూ, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు మెయిల్‌కూ పంపాలి. ఆ చిరునామా కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. జవాబు రాకపోతే అదే ఉత్తరం సంతకంతో స్పీడ్ పోస్టులో రిజిస్టర్డ్ ఆఫీసుకు వెళ్ళాలి. ఫోన్ చేసి అడిగిన పదిసార్లకు సాక్ష్యం ఉండదు. ఒక్క ఉత్తరానికి ఉంటుంది.

ఆ తరువాతి మెట్టు కార్మిక శాఖ. ప్రైవేటు సాఫ్ట్‌వేర్, సేవా సంస్థల విషయంలో ఇది రాష్ట్ర ప్రభుత్వ పరిధి. కంపెనీ ఉన్న ప్రాంతానికి చెందిన అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వవచ్చు. చాలా బాకీలు అక్కడి నుంచి కంపెనీకి నోటీసు వెళ్ళగానే కదులుతాయి. కదలకపోతే 45వ సెక్షన్ కింద క్లెయిము వేయాలి. దానిని విచారించే అధికారి బాకీతో పాటు దానికి పదింతల వరకూ పరిహారం ఇప్పించవచ్చు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కోడ్ చెబుతోంది. క్లెయిము వేయడానికి మూడేళ్ళ వ్యవధి ఉంది. జీతం ఇచ్చేశామని రుజువు చేసే భారం యజమాని మీదే పెట్టడం ఇందులో ఉద్యోగికి అనుకూలమైన అంశం. రావలసిన దానికంటే తక్కువ ఇచ్చిన యజమానికి రూ.50,000 వరకూ జరిమానా పడవచ్చు. గ్రాట్యుటీ క్లెయిము వేరుగా, దానికి నియమితుడైన అధికారి దగ్గర వేయాలి. రెండూ ఒకే కాగితంలో కలిపేస్తే ఏదో ఒకటి వెనక్కి వస్తుంది.

ఈ దారికి హద్దులున్నాయని దాచి లాభం లేదు. కార్మిక శాఖ ఆఫీసుల్లో సిబ్బంది తక్కువ, వాయిదాలు ఎక్కువ. కొత్త ఉద్యోగంలో సెలవు పెట్టి వాయిదాకు వెళ్ళడం అందరికీ సాధ్యం కాదు. పరిహారం పదింతల వరకూ అని ఉన్నంత మాత్రాన పదింతలు వస్తుందని ఆశపెట్టుకోకూడదు, అది అధికారి విచక్షణ. బోనస్, వేరియబుల్ పే వంటివి కంపెనీ పాలసీ మాటల మీద ఆధారపడతాయి, వాటికి రెండు రోజుల నియమం సులువుగా అతకదు. జీతంతో పాటు ఉత్తరంలో వాటినీ రాయాలి గాని, ప్రధాన వాదన మాత్రం వివాదం లేని జీతం మీదే నిలబెట్టాలి.

రిలీవింగ్ లెటర్ భయం ఇంకొకటి. చాలామంది డబ్బు వదులుకునేది దీనికోసమే. కొత్త యజమానికి కావలసింది మనిషి నిజంగా అక్కడ పనిచేశాడా, విడిచి వచ్చాడా అన్న రుజువు. రాజీనామా అంగీకరించిన మెయిల్, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ సర్వీసు చరిత్ర కలిపి చూపితే, విషయం ముందుగా చెప్పి ఉంచితే, సాధారణంగా గడిచిపోతుంది. పాత కంపెనీ పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ వేయకపోతే, చివరి చందా జమ అయిన రెండు నెలల తర్వాత ఉద్యోగే యూఏఎన్ పోర్టల్‌లో వేసుకోవచ్చు. పీఎఫ్ ఖాతాలోని సొమ్ము కంపెనీ చేతిలో లేదు. ఎఫ్ఎన్ఎఫ్‌తో ముడిపెట్టి ఎవరైనా దాన్ని చూపి బెదిరిస్తే అది వట్టి బెదిరింపే.

అన్నిటికంటే మించిన ప్రమాదం ఒకటి ఉంది: జాప్యం వెనుక కంపెనీ దివాలా దాగి ఉండటం. పనిచేస్తున్నవారికే జీతాలు ఆలస్యమవుతున్నాయా, పీఎఫ్ పాస్‌బుక్‌లో ఇటీవలి నెలల చందా కనిపించడం లేదా, ఫైనాన్సు విభాగంలో మనుషులు వరసగా వెళ్ళిపోతున్నారా అన్నది గమనించాలి. ఈ గుర్తులుంటే మర్యాదగా ఎదురుచూడటం ఆత్మహత్యా సదృశం. దివాలా ప్రక్రియ మొదలైతే ఉద్యోగి తన బాకీని ఫారం డి లో పరిష్కార నిపుణుడికి దాఖలు చేయాలి. పత్రికా ప్రకటనలో ఇచ్చే గడువు చిన్నది. అది దాటితే వచ్చేది తగ్గుతుంది, ఒక్కోసారి అసలు రాదు. మూడేళ్ళ వ్యవధి ఉంది కదా అని కూర్చున్నవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

ప్రభుత్వాలకు చెప్పవలసింది ఉంది. కోడ్ అమల్లోకి తెచ్చినంత మాత్రాన సరిపోదు. క్లెయిము ఎవరి దగ్గర, ఏ ఫారంలో, ఏ ఆఫీసులో వేయాలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖలు తెలుగులో, ఒక్క పేజీలో, ప్రతి ఐటీ పార్కు గేటు దగ్గర కనిపించేలా చెప్పాలి. ఆన్‌లైన్‌లో విచారణకు అవకాశం ఇవ్వాలి. కంపెనీలకూ ఒక మాట: నెలనెలా వేలమందికి ఒకే రోజున జీతం వేయగల పేరోల్ వ్యవస్థ, వెళ్ళిపోయే ఒక్క మనిషి లెక్క రెండు రోజుల్లో తేల్చలేదంటే నమ్మశక్యం కాదు. ఆస్తుల అప్పగింత, నోటీసు లెక్క నోటీసు కాలంలోనే పూర్తి చేయవచ్చు. నోటీసు కాలం ఉన్నదే అందుకు.

అంతవరకూ ఉద్యోగి తనను తాను కాపాడుకోవలసిందే. రెండు పని దినాల గడువును లెక్కపెట్టుకోవాలి, మర్నాడు రాతపూర్వకంగా అడగాలి, లెక్క చూడకుండా సంతకం పెట్టకూడదు. చట్టం మారినా అడిగేవాడు లేనిచోట నలభై ఐదు రోజుల ఆనవాయితీయే చట్టంగా చెలామణి అవుతుంది.